ఖర్చు పెంచాలా, వడ్డీ తగ్గించాలా? మారకం రేటును మార్కెట్‌కు వదిలేసిన చిన్న దేశం ముందున్న ఎంపిక

1960 చివరికి కెనడాలో పని కోసం చూస్తున్న వాళ్లలో సుమారు 7 శాతం మందికి ఉద్యోగం లేదు. అప్పుడు ఒట్టావా ముందు రెండు దారులు ఉన్నాయి. మొదటిది బడ్జెట్ దారి: ప్రభుత్వం ఖర్చు పెంచడం లేదా పన్నులు తగ్గించడం. దీన్ని కోశ విధానం అంటాం. రెండోది కేంద్ర బ్యాంకు దారి: డబ్బు సరఫరా పెంచి వడ్డీ తగ్గించడం. ఇది ద్రవ్య విధానం. ఎకనామిక్స్ మొదటి ఏడాది పాఠంలో ఈ రెండూ గిరాకీని పెంచుతాయనీ, ఉత్పత్తి పెరుగుతుందనీ చదువుకుంటాం. అప్పటి కెనడాలో మాత్రం ఈ రెండూ ఒకటి కావు. తప్పు దారి పట్టినందుకు ఆ దేశం కొన్నేళ్ల పాటు నిరుద్యోగంతో మూల్యం చెల్లించింది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు దీన్ని ముండెల్-ఫ్లెమింగ్ నమూనా పేరుతో బట్టీ పడతారు. "తేలే రేటులో ద్రవ్య విధానం పనిచేస్తుంది, కోశ విధానం పనిచేయదు" అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేస్తారు. ఆ ముక్క సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఏ దేశం విషయంలో ఏది ఎంచుకోవాలో చెప్పలేం. అందుకే కెనడా కథతోనే మొదలుపెడుతున్నాను. రాబర్ట్ ముండెల్ కెనడావాడే, ఒంటారియోలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. 1963లో ఈ విషయం మీద ఆయన రాసిన వ్యాసం వచ్చిందీ ఒక కెనడా పత్రికలోనే.

ఈ నమూనా తేలే రేటు ఉన్న చిన్న బహిరంగ ఆర్థిక వ్యవస్థ గురించి. ముందుగా ఒక్కో మాటకు అర్థం చూద్దాం. "చిన్న" అంటే జనాభా తక్కువని కాదు, ప్రపంచ వడ్డీ రేటును తాను మార్చలేని దేశం అని. కెనడా ఎంత పెద్దదైనా న్యూయార్క్ వడ్డీ ముందు చిన్నదే. "బహిరంగ" అంటే సరుకులే కాదు, డబ్బు కూడా సరిహద్దు దాటి తేలిగ్గా వచ్చిపోతుంది. "తేలే రేటు" అంటే కరెన్సీ ధరను ఫలానా చోట నిలబెడతానని కేంద్ర బ్యాంకు మాట ఇవ్వలేదు. మిగతా దేశాలు తమ కరెన్సీని అమెరికా డాలర్‌కు కట్టేసుకున్న కాలంలో, 1950 సెప్టెంబర్ 30 నుంచి కెనడా తన డాలర్‌ను మార్కెట్‌కు వదిలేసింది. ఈ మూడూ ఒకేచోట అంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ అప్పట్లో మరొకటి లేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. రూపాయి గురించి చెప్పేటప్పుడు "డాలర్‌కు ఇన్ని రూపాయలు" అంటాం. ఆ అంకె పెరిగితే రూపాయి బలహీనపడినట్టు. కెనడా డాలర్‌ను ఆ రోజుల్లో తిరగేసి, "ఇన్ని అమెరికా సెంట్లు" అని చెప్పేవారు. అక్కడ అంకె పెరిగితే కరెన్సీ బలపడినట్టు. ఈ వ్యాసంలో నేను "బలపడింది", "బలహీనపడింది" అనే రాస్తాను. మీరు వేరే చోట చదివేటప్పుడు మాత్రం రేటు ఏ వైపు నుంచి రాశారో ముందు చూసుకోండి. పరీక్షల్లో తప్పు జవాబులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఒక ఊహా దేశం, మూడు ప్రయోగాలు

మాటల్లో చెబితే నమ్మబుద్ధి కాదు కాబట్టి చిన్న లెక్క వేద్దాం. ఒక దేశపు వార్షిక ఉత్పత్తి 1000 కోట్లు. ప్రజల వినియోగం 600, ప్రైవేటు పెట్టుబడి 180, ప్రభుత్వ ఖర్చు 200, ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేస్తే మిగిలేది 20. ఆదాయంలో పావు వంతు జనం చేతిలో డబ్బు రూపంలో ఉంచుకుంటారు కాబట్టి డబ్బు సరఫరా 250. వడ్డీ ప్రపంచ వడ్డీతో సమానం. ధరలు మారవని అనుకుందాం.

```
Y  = C + I + G + NX
C  = 100 + 0.5·Y
I  = 180
NX = 120 - 0.1·Y + 600·(e - 1)
M  = 0.25·Y
```

ఇందులో `Y` ఉత్పత్తి, `C` వినియోగం, `I` పెట్టుబడి, `G` ప్రభుత్వ ఖర్చు, `NX` ఎగుమతుల్లోంచి దిగుమతులు తీసేస్తే మిగిలేది, `M` డబ్బు సరఫరా. `e` అంటే ఒక విదేశీ డాలర్‌కు మన కరెన్సీ ఎంత ఇవ్వాలో అది. మొదట 1 అనుకుందాం. అది పెరిగితే మన కరెన్సీ బలహీనపడినట్టు, మన సరుకు బయటివాళ్లకు చౌక అయినట్టు.

మొదటి ప్రయోగం. ప్రభుత్వం ఖర్చును 60 పెంచి 260 చేసింది. దానికి బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. కేంద్ర బ్యాంకు డబ్బు సరఫరాను 250 దగ్గరే ఉంచింది. ఖర్చు పెరగగానే ఆదాయం పెరగబోతుంది, దాంతో జనానికి డబ్బు ఎక్కువ కావాల్సి వస్తుంది. అదనపు డబ్బు లేదు కాబట్టి వడ్డీ పైకి లేవబోతుంది. అది కొంచెం కదలగానే బయటి పెట్టుబడి లోపలికి వస్తుంది, మన కరెన్సీ కొంటుంది, కరెన్సీ బలపడుతుంది. ఇది ఎక్కడ ఆగుతుంది? చివరి సమీకరణం చూడండి. డబ్బు 250, వడ్డీ ప్రపంచ వడ్డీయే అయితే ఆదాయం 1000కి మించడానికి వీల్లేదు. ప్రభుత్వం కొత్తగా పెట్టిన 60కి చోటు దొరకాలంటే ఎగుమతుల వైపు 60 తగ్గాల్సిందే. `e` 1 నుంచి 0.90కి పడుతుంది. కరెన్సీ బలపడి, 20 ఉన్న వాణిజ్య మిగులు కాస్తా 40 లోటుగా మారుతుంది. మొత్తం ఉత్పత్తిలో పెరుగుదల సున్నా.

సున్నా అంటే దేశంలో ఏమీ జరగలేదని కాదు. రోడ్డు కాంట్రాక్టర్‌కు పని దొరికింది, ఎగుమతి చేసే మిల్లు ఆర్డర్ పోగొట్టుకుంది. ఎవరి పని పోయి ఎవరికి వచ్చిందో మొత్తం అంకెలో కనిపించదు. రాజకీయంగా ఇది ప్రమాదకరం. కొత్త రోడ్డు ప్రారంభోత్సవం అందరికీ కనిపిస్తుంది, మూతపడిన మిల్లుకు కారణం మారకం రేటు అని మాత్రం ఎవరూ బడ్జెట్‌కు ముడిపెట్టరు.

రెండో ప్రయోగం. ప్రభుత్వ ఖర్చు 200 దగ్గరే ఉంది. కేంద్ర బ్యాంకు డబ్బును 250 నుంచి 260కి, అంటే 4 శాతం పెంచింది. ఇప్పుడు వడ్డీ దిగబోతుంది, పెట్టుబడి బయటికి వెళ్తుంది, కరెన్సీ బలహీనపడుతుంది. ఎగుమతులు పెరుగుతాయి. 260 డబ్బుకు సరిపోయే ఆదాయం 1040. లెక్క చేస్తే `e` 1.04 వస్తుంది. అంటే కరెన్సీ 4 శాతం బలహీనపడి, ఉత్పత్తి 4 శాతం పెరిగి, వాణిజ్య మిగులు 20 నుంచి 40 అయింది. చివరికి వడ్డీ మొదట ఉన్నచోటికే వచ్చింది కాబట్టి పెరిగిన గిరాకీ మొదట మారకం రేటు నుంచి, ఆ తర్వాత దాని వల్ల పెరిగిన వినియోగం నుంచి వచ్చిందే.

మూడో ప్రయోగం గురించి పాఠాల్లో తక్కువగా చెబుతారు, ఎంపికలో నిజంగా తేడా తెచ్చేది మాత్రం ఇదే. ప్రభుత్వం అదే 60 ఖర్చు పెంచింది. ఈసారి కేంద్ర బ్యాంకు కూడా తోడై డబ్బును 275 చేసింది. వడ్డీ లేవదు, బయటి డబ్బు తోసుకురాదు, `e` 1 దగ్గరే ఉంటుంది. ఉత్పత్తి 1100 అవుతుంది. అదే 60 ఖర్చు మొదటిసారి సున్నా ఇచ్చింది, ఇప్పుడు 100 ఇచ్చింది. బడ్జెట్‌లో మార్పేమీ లేదు. తేడా అంతా కేంద్ర బ్యాంకు ఏం చేసిందన్న దగ్గరే వచ్చింది.

కాబట్టి "కోశ విధానం పనిచేయదు" అని రాయడం కన్నా, "కేంద్ర బ్యాంకు ఎదురు నిలిచినా, డబ్బు సరఫరా కదపకుండా కూర్చున్నా కోశ విధానం పనిచేయదు" అని రాయడం సరైన మాట.

కెనడాలో జరిగింది

ఇప్పుడు మళ్లీ ఒట్టావాకు వద్దాం. 1955 నుంచి బ్యాంక్ ఆఫ్ కెనడా గవర్నర్ జేమ్స్ కోయిన్. ఆయన భయం ద్రవ్యోల్బణం. విదేశీ పెట్టుబడి మీద, ముఖ్యంగా అమెరికా డబ్బు మీద కెనడా అతిగా ఆధారపడుతోందని కూడా ఆయన గట్టిగా నమ్మాడు, బహిరంగంగా ప్రసంగాలు చేశాడు. ఆ నమ్మకంతోనే డబ్బు సరఫరాను బిగించి పట్టుకున్నాడు. ఇంకో పక్క ప్రధాని డీఫెన్‌బేకర్ ప్రభుత్వం లోటు బడ్జెట్లు నడుపుతోంది. మన మొదటి ప్రయోగం ఇదే, కాకపోతే బ్యాంకు ఊరుకోవడమే కాదు, ఇంకా బిగించింది.

వడ్డీ అమెరికా కన్నా పైన ఉండటంతో ఏం జరిగిందో వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే "పెట్టుబడి లోపలికి వస్తుంది" అన్న మాట వెనుక మనుషులు చేసే పనులు ఉంటాయి. కెనడాలోని రాష్ట్రాలు, మున్సిపాలిటీలు స్కూళ్లకూ రోడ్లకూ అప్పు కావాల్సినప్పుడు, స్వదేశంలో వడ్డీ ఎక్కువగా ఉంది కాబట్టి న్యూయార్క్ వెళ్లి బాండ్లు అమ్మాయి. అక్కడ వచ్చినవి అమెరికా డాలర్లు. ఇక్కడ కూలీలకు, కాంట్రాక్టర్లకు ఇవ్వాల్సింది కెనడా డాలర్లు. కాబట్టి వాటిని మార్కెట్లో మార్చుకున్నాయి, అంటే కెనడా డాలర్లు కొన్నాయి. ఇలా ప్రతి బాండూ కెనడా డాలర్‌ను కొంచెం పైకి నెట్టింది. విదేశీ డబ్బు మీద ఆధారపడటం తగ్గాలని కోయిన్ కోరుకున్నాడు. ఆయన పెంచిన వడ్డీయే ఆ డబ్బును లోపలికి పిలిచింది.

కెనడా డాలర్ 1952 నుంచే అమెరికా డాలర్ కన్నా ఖరీదుగా ఉండేది. 1957 ఆగస్టులో సుమారు 106 అమెరికా సెంట్ల దాకా వెళ్లింది. అమెరికా పత్రికలకు కాగితం అమ్మే కెనడా మిల్లును తీసుకోండి. దాని ధర అమెరికా డాలర్లలో ఉంటుంది. 100 డాలర్ల సరుకు అమ్మితే, రెండు కరెన్సీలూ సమానమైనప్పుడు చేతికి 100 కెనడా డాలర్లు వస్తాయి. 106 సెంట్ల దగ్గర 94 మాత్రమే వస్తాయి. జీతాలు, కలప ఖర్చు తగ్గవు. ఆ ఆరు డాలర్లు మిల్లు లాభంలోంచి, తర్వాత కూలీల షిఫ్టుల్లోంచి పోతాయి.

1960 డిసెంబర్‌లో 29 మంది ఆర్థికవేత్తలు ఆర్థిక మంత్రి డొనాల్డ్ ఫ్లెమింగ్‌కు లేఖ రాసి గవర్నర్‌ను మార్చమని కోరారు. నమూనా పేరులోని ఫ్లెమింగ్ ఈయన కాదు. ఆయన అంతర్జాతీయ ద్రవ్య నిధిలో పనిచేసిన మార్కస్ ఫ్లెమింగ్. పేర్లు కలవడం వల్ల విద్యార్థులు తరచూ పొరబడతారు. 1961 జూన్ బడ్జెట్‌లో మంత్రి కెనడా డాలర్‌ను కిందికి దించుతామని బాహాటంగా ప్రకటించారు. గవర్నర్ పదవిని ఖాళీగా ప్రకటించే బిల్లును దిగువ సభ ఆమోదించింది, సెనేట్ తిరస్కరించింది. తన పరువు నిలబడిందన్న తృప్తితో కోయిన్ జూలైలో రాజీనామా చేశాడు. లూయీ రాస్మిన్‌స్కీ వచ్చాడు. 1961 చివరికి కెనడా డాలర్ సుమారు 96 సెంట్లకు దిగింది.

కోయిన్ ఒక్కడినే దోషిగా చూపడం నాకు న్యాయంగా అనిపించదు. బ్యాంకు ఏం చేస్తోందో చూస్తూ కూడా లోటు పెంచుకుంటూ పోయిన ప్రభుత్వం ఆ కలయికలో సగం భాగస్వామి. రెండు చేతులూ చెరో వైపు లాగితే నలిగింది మధ్యలో ఉన్న మారకం రేటు, దాని మీద బతికే ఎగుమతిదారు.

ఎప్పుడు ఏది ఎంచుకోవాలి

మొదట అడగాల్సింది: వడ్డీ తగ్గించడానికి చోటు ఉందా? ఉంటే, కరెన్సీ నిజంగా తేలుతుంటే, నా సలహా ద్రవ్య విధానంతో మొదలుపెట్టమనే. బయటి గిరాకీ పడిపోయిన సందర్భంలో ఇది మరీ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కరెన్సీ అప్పటికే తనంతట తాను పడుతుంటుంది. 2008లో ఆస్ట్రేలియా చూడండి. జూలైలో 98 అమెరికా సెంట్ల దగ్గర ఉన్న ఆస్ట్రేలియా డాలర్ అక్టోబర్ చివరికి 60 సెంట్ల చుట్టూ పడింది. అక్కడి రిజర్వ్ బ్యాంకు 7.25 శాతం ఉన్న రేటును 2009 ఏప్రిల్‌కి 3 శాతానికి తెచ్చింది. ప్రభుత్వం 2008 అక్టోబర్‌లో 1,040 కోట్ల డాలర్ల ప్యాకేజీ, 2009 ఫిబ్రవరిలో 4,200 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గడం అనే మాంద్యం అక్కడ రాలేదు. ఇందులో ఖర్చు వాటా ఎంత, వడ్డీ వాటా ఎంత, చైనా ఖనిజాల కొనుగోళ్ల వాటా ఎంత అన్నది ఇప్పటికీ వాదనే. ఒకటి మాత్రం చెప్పవచ్చు: బ్యాంకు వడ్డీ తగ్గిస్తూనే ఉంది కాబట్టి, ప్రభుత్వ ఖర్చు కరెన్సీని పైకి నెట్టి తనను తానే రద్దు చేసుకునే పరిస్థితి అప్పుడు లేదు. అది మన మూడో ప్రయోగానికి దగ్గర.

వడ్డీ ఇప్పటికే సున్నా దగ్గర ఉంటే ఎంపిక మారుతుంది. అప్పుడు ప్రభుత్వం ఖర్చు పెంచినా బ్యాంకు వెంటనే రేటు పెంచదు. అలాంటప్పుడు బడ్జెట్ దారే ముందు పట్టాలి.

ద్రవ్య విధానం వద్దనాల్సిన సందర్భమూ ఉంది. దేశంలోని కంపెనీలు విదేశీ డాలర్లలో అప్పు చేసి, ఆదాయం మాత్రం సొంత కరెన్సీలో తెచ్చుకుంటుంటే, కరెన్సీ బలహీనపడటం వరం కాదు. ఇండోనేషియాలో 1997 మధ్యలో డాలర్‌కు సుమారు 2,400 ఇండోనేషియా రూపియాలు ఉండేవి, 1998లో 10,000 దాటింది. అలాంటి చోట అదే అప్పు సొంత కరెన్సీలో నాలుగింతలు అవుతుంది. ఎగుమతులు పెరిగేలోపే కంపెనీలు మునుగుతాయి. కాబట్టి వడ్డీ తగ్గించే ముందు విదేశీ కరెన్సీ అప్పులు ఎవరి దగ్గర ఎంత ఉన్నాయో చూడాలి. ఇంకో సంగతి, కరెన్సీ పడిన మర్నాడే ఎగుమతులు పెరగవు. పాత కాంట్రాక్టులు పాత ధరలకే సాగుతాయి, దిగుమతి బిల్లు మాత్రం వెంటనే పెరుగుతుంది. మొదటి నెలల్లో వాణిజ్య లోటు పెరిగితే విధానం విఫలమైందని కంగారు పడకూడదు.

ఇక నమూనా చెప్పినదానికి పూర్తిగా ఎదురు నడిచే సందర్భం. ఖర్చు పెరిగితే కరెన్సీ బలపడుతుందని చెప్పుకున్నాం. బ్రిటన్ మన అర్థంలో అంత చిన్నది కాకపోయినా కరెన్సీ తేలేదే. 2022 సెప్టెంబర్ 23న అక్కడి ప్రభుత్వం డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించింది. బాండ్ల వడ్డీ ఒక్కసారిగా లేచింది. పౌండ్ మాత్రం బలపడలేదు. మూడు రోజుల తర్వాత చరిత్రలో ఎన్నడూ లేనంత కిందికి, డాలర్‌కు దాదాపు సమానమయ్యే దాకా పడింది. పెట్టుబడిదారులు ఎక్కువ వడ్డీ చూసి రాలేదు, భయపడి వెళ్లారు.

ఈ రెంటినీ వేరు చేసే గుర్తు తేలికైనది. బడ్జెట్ తర్వాత వారం రోజులు బాండ్ వడ్డీని, మారకం రేటును పక్కపక్కన పెట్టి చూడండి. వడ్డీ పెరిగి కరెన్సీ కూడా బలపడితే అది ముండెల్ చెప్పిన దారి. నష్టపోయేది ఎగుమతిదారు, బ్యాంకు సడలిస్తే సర్దుకుంటుంది. వడ్డీ పెరిగినా కరెన్సీ పడుతుంటే అది నమ్మకం పోవడం. అప్పుడు బ్యాంకు సడలిస్తే ఇంకా చెడుతుంది, ముందు బడ్జెట్‌నే సరిచేయాలి.

చాలామంది అడిగేది, ఇది రూపాయికి వర్తిస్తుందా అని. నేరుగా వర్తించదు. మన దగ్గర పెట్టుబడి రాకపోకల మీద ఇంకా పరిమితులున్నాయి, రూపాయి మరీ కదిలితే రిజర్వ్ బ్యాంకు డాలర్లు కొనో అమ్మో జోక్యం చేసుకుంటుంది. అందుకే మన దగ్గర బడ్జెట్ లోటు ప్రభావం మొత్తం మారకం రేటు మీదే తేలదు, కొంత వడ్డీ మీద, కొంత దేశీయ పెట్టుబడి మీద పడుతుంది. సున్నా, నూరు అన్న రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటాం.

కెనడా విషయానికే వస్తే, 1962 మే 2న ఆ దేశం తన డాలర్‌ను 92.5 అమెరికా సెంట్లకు కట్టేసింది. దాంతో మన లెక్క మొత్తం తిరగబడింది. రేటును నిలబెట్టాలంటే డబ్బు సరఫరాను బ్యాంకు తన ఇష్టం వచ్చినట్టు మార్చలేదు. ప్రభుత్వం ఖర్చు పెంచి బయటి డబ్బు వస్తే, ఆ డాలర్లు కొని కెనడా డాలర్లు విడుదల చేయక తప్పదు, అంటే మూడో ప్రయోగం తనంతట తానే జరుగుతుంది. 1961లో సున్నా ఇచ్చిన ఖర్చు, అదే దేశంలో మరుసటి ఏడాది ఉత్పత్తిని పెంచగలిగే స్థితికి వచ్చింది. ఆ కట్టు 1970 జూన్ 1 వరకు ఉంది. ఆ రోజు కెనడా డాలర్‌ను మళ్లీ మార్కెట్‌కు వదిలారు.